ఈ వారం మామూలుగానే ఉందా? వాతావరణం, శీతోష్ణస్థితిపై ఎనిమిదో తరగతికి పట్టికలు, గ్రాఫులతో రెండు పీరియడ్ల పాఠం

వాతావరణం అంటే ఈ రోజు, ఈ వారం ఉన్న స్థితి. శీతోష్ణస్థితి అంటే చాలా ఏళ్ల లెక్క మీద ఒక ప్రాంతానికి తేలిన తీరు. ఈ రెండు వాక్యాలను ఎనిమిదో తరగతి పిల్లలు పది నిమిషాల్లో అప్పజెప్పేస్తారు. మర్నాడు వాళ్ల ముందు ఒక పట్టిక పెట్టి, "ఈ వారం మామూలుగానే ఉందా?" అని అడిగితే మాత్రం సగంమంది పట్టికలోని అతి పెద్ద అంకెను పట్టుకుని "లేదు, చాలా వేడిగా ఉంది" అంటారు. వాళ్లకు నిర్వచనం వచ్చింది, పోల్చడం రాలేదు.

అందుకే ఈ పాఠంలో నిర్వచనాలను ముందు చెప్పం. పైన రాసిన ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే రెండు పీరియడ్లూ నడుస్తాయి. మొదటి పీరియడ్‌లో పిల్లలు ఒక వారం పట్టిక చదివి గ్రాఫ్ గీస్తారు. రెండో పీరియడ్‌లో ఆ వారాన్ని ఏడాది పొడవునా ఉండే సగటులతోనూ, గత పదేళ్ల అదే వారంతోనూ పోలుస్తారు. ఒక్కో పీరియడ్ 45 నిమిషాలు అనుకుని కింది లెక్క వేశాం.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఇద్దరికి ఒకటి చొప్పున వారం పట్టిక, నెలల పట్టిక ఉన్న కాగితాలు కావాలి. రెండింటినీ వేర్వేరు కాగితాల మీదే ముద్రించండి. ఒకే కాగితం మీద ఉంటే మొదటి రోజే రెండో పట్టికలోకి తొంగిచూస్తారు, రెండో రోజు అడిగే ప్రశ్నకు పదును పోతుంది. ప్రతి ఒక్కరికీ ఒక గ్రాఫ్ పేపర్, ఎరుపు, నీలం పెన్సిళ్లు, స్కేలు ఉండాలి. రెండో రోజుకు అరచేయి వెడల్పున కత్తిరించిన తెల్ల కాగితం ముక్కలు, నెలల గ్రాఫ్ నకళ్లు కూడా కావాలి. వాటి అవసరం తర్వాత చెబుతాం.

కింది పట్టికలు పాఠం కోసమే తయారుచేసినవి, ఏ ఊరివీ కావు. అసలు లెక్కలతోనే మొదలుపెట్టాలని చాలామందికి ఉంటుంది. కానీ వాటిలో దశాంశాలు, ఖాళీ గడులు, అర్థంకాని గుర్తులు ఉంటాయి, మొదటి పీరియడ్ అంతా వాటిని సర్దడానికే పోతుంది. చదివే పద్ధతి పట్టుబడ్డాక మూడో రోజున అసలు లెక్కలు ఇవ్వండి.

వారం పట్టిక:

| రోజు | గరిష్ఠ ఉష్ణోగ్రత (°C) | కనిష్ఠ ఉష్ణోగ్రత (°C) | వర్షపాతం (మి.మీ.) |
|---|---|---|---|
| 1 | 33 | 24 | 0 |
| 2 | 34 | 25 | 0 |
| 3 | 33 | 25 | 2 |
| 4 | 27 | 22 | 48 |
| 5 | 26 | 21 | 31 |
| 6 | 28 | 22 | 4 |
| 7 | 29 | 22 | 0 |

ఇది ఏ నెలదో పిల్లలకు చెప్పకండి.

మొదటి పీరియడ్: పట్టిక చదవడం (20 నిమిషాలు)

మొదటి అయిదు నిమిషాలు ఏమీ అడగకుండా పట్టిక చూడనివ్వండి. తర్వాత ప్రశ్నలను మూడు మెట్లుగా అడగండి. మొదటి మెట్టులో ఒక గడిని చదివితే సరిపోతుంది: 4వ రోజు ఎంత వర్షం పడింది? రెండో మెట్టులో రెండు గడులను కలపాలి: ఏ రోజు పగటికీ రాత్రికీ తేడా ఎక్కువ? మూడో మెట్టులో రెండు నిలువు వరుసలను కలిపి చూడాలి: వర్షం పడిన రోజుల్లో గరిష్ఠానికి ఏమైంది, కనిష్ఠానికి ఏమైంది?

మూడో మెట్టు దగ్గర తొందరపడకండి, ఈ పట్టికలో దొరికే అసలు విషయం అక్కడే ఉంది. 3వ రోజు నుంచి 4వ రోజుకు గరిష్ఠం 33 నుంచి 27కి, అంటే 6 డిగ్రీలు పడింది. కనిష్ఠం 25 నుంచి 22కి, 3 డిగ్రీలే తగ్గింది. పగలు మబ్బు ఎండను అడ్డుకుంటుంది కాబట్టి గరిష్ఠం బాగా పడిపోతుంది. రాత్రి అదే మబ్బు నేల నుంచి పైకి పోయే వేడిని కొంత ఆపుతుంది కాబట్టి కనిష్ఠం అంతగా దిగదు. 2వ రోజు పగలు–రాత్రి తేడా 9 డిగ్రీలు, 4, 5 రోజుల్లో 5 డిగ్రీలు. కారణాన్ని మీరే చెప్పేయకుండా, ఈ తేడాల వరుసను పట్టిక పక్కన వాళ్ల చేతే రాయించండి. ఆ వరుస చూశాక మబ్బు మాట వాళ్లలోనే ఎవరో ఒకరు ఎత్తుతారు.

తర్వాత సగటు తీయించండి. గరిష్ఠాల మొత్తం 210, ఏడుతో భాగిస్తే 30. కనిష్ఠాల మొత్తం 161, సగటు 23. ఇప్పుడు అడగండి: గరిష్ఠం సరిగ్గా 30 ఉన్న రోజు ఏది? ఒక్కటీ లేదు. కనిష్ఠం 23 ఉన్న రోజూ లేదు. అంకెలను అలా వచ్చేటట్టు కావాలనే అమర్చాం. సగటు అంటే "మామూలుగా ప్రతిరోజూ ఉండేది" అని పిల్లల మనసులో ఉంటుంది. ఆ ఊహ ఇక్కడే సడలకపోతే, రెండో రోజు ముప్పై ఏళ్ల సగటు చూపించినప్పుడు దాన్ని ఒక గీతలా పట్టుకుని, దాటిన ప్రతి రోజునూ వింత అంటారు.

వర్షపాతాన్ని మాత్రం సగటు తీయించకండి, మొత్తం కట్టించండి. మొత్తం 85 మి.మీ. అందులో 79 మి.మీ. రెండు రోజుల్లోనే పడింది. "రోజుకు సగటున 12 మి.మీ." అని రాస్తే లెక్క తప్పు కాదు గానీ ఆ వారం ఎలా గడిచిందో అది చెప్పదు. వర్షాన్ని మిల్లీమీటర్లలో ఎందుకు కొలుస్తారని ఎవరైనా అడిగితే (తప్పక అడుగుతారు) ఒక్క మాట చాలు: చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు పడితే అది 1 మి.మీ. వర్షం. 4వ రోజు ప్రతి చదరపు మీటరు మీదా 48 లీటర్లు పడిందన్నమాట.

మొదటి పీరియడ్: గ్రాఫ్ గీయడం (25 నిమిషాలు)

ఉష్ణోగ్రతకు రేఖాచిత్రం, వర్షానికి కమ్మీ చిత్రం గీయించాలి. రెండూ రేఖలైతే ఏం పోతుందని అడుగుతారు. ఉష్ణోగ్రత ఎడతెగకుండా మారే విలువ కాబట్టి బిందువులను కలిపే గీతకు అర్థం ఉంది. వర్షం 24 గంటల్లో పోగైన మొత్తం. 3వ రోజు 2కీ, 4వ రోజు 48కీ మధ్య గీత గీస్తే, నడుమ ఎప్పుడో 25 మి.మీ. ఉన్నట్టు చెప్పినట్టవుతుంది. అలాంటి విలువ ఏదీ లేదు.

స్కేలు ఎంచుకోవడాన్ని పిల్లలకే వదిలేస్తే పావుగంట దానికే పోతుంది, అందుకే మొదటిసారి మీరే ఇవ్వండి. అడ్డంగా ఒక రోజుకు 2 సెం.మీ. ఉష్ణోగ్రతకు 20 నుంచి 36 వరకు, 1 సెం.మీ.కి 2 డిగ్రీలు. వర్షానికి 0 నుంచి 50 వరకు, 1 సెం.మీ.కి 10 మి.మీ. అప్పుడు ఒక చిన్న గడి ఒక మి.మీ. వర్షం అవుతుంది, 48 గీయడానికి లెక్క అక్కరలేదు. ఉష్ణోగ్రత గ్రాఫ్ పైన, వర్షం గ్రాఫ్ దాని కింద, రోజులు ఒకదాని కింద ఒకటి సరిగ్గా వచ్చేలా గీయించండి. రెండింటినీ ఒకే బొమ్మలో కలపడం రేపటి పని.

గీస్తుండగా బెంచీల మధ్య తిరుగుతూ చూడవలసిన తప్పులు ముఖ్యంగా రెండు. మొదటిది, పట్టికలోని విలువలనే వరుసగా అక్షం మీద రాసేయడం: 0, 2, 4, 31, 48 అని సమాన దూరాల్లో పెడతారు. అలా పెడితే 4కీ 31కీ మధ్య దూరం, 2కీ 4కీ మధ్య దూరం ఒకటే అయిపోతాయి. 4, 5, 6 రోజుల కమ్మీలు సమానమైన మెట్లలా దిగుతూ కనిపిస్తే ఈ తప్పు జరిగినట్టే. రెండోది, వర్షం అక్షాన్ని సున్నాతో మొదలుపెట్టకపోవడం. కమ్మీ చిత్రంలో కన్ను కమ్మీ పొడవును పోలుస్తుంది కాబట్టి సున్నా తప్పనిసరి. రేఖాచిత్రంలో వంపును చూస్తాం కాబట్టి 20 నుంచి మొదలుపెట్టవచ్చు, కానీ ఎక్కడ మొదలైందో ముందు చదివి తీరాలి. దీనికి సింగపూర్ మంచి ఉదాహరణ. అక్కడ నెలవారీ సగటు ఉష్ణోగ్రతలు ఏడాదంతా దాదాపు 27, 28 డిగ్రీల దగ్గరే తిరుగుతాయి. అక్షాన్ని 26.5 నుంచి 29 వరకే గీస్తే ఆ గీత పెద్ద కొండలా లేస్తుంది. 0 నుంచి 40 వరకు గీస్తే దాదాపు చదునుగా ఉంటుంది. బోర్డు మీద రెండూ పక్కపక్కన గీసి, ఇవి ఒకే ఊరివని చివర్లో చెప్పండి.

రెండో పీరియడ్: ఇది ఏ నెల? (20 నిమిషాలు)

ఇప్పుడు నెలల పట్టిక ఇవ్వండి. ఇవి 30 ఏళ్ల సగటులు అనుకోమని చెప్పండి. ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతిలో శీతోష్ణస్థితిని 30 ఏళ్ల సగటుతోనే లెక్కిస్తారు, ఇప్పుడు వాడుకలో ఉన్న కాలం 1991–2020. వార్తల్లో "సాధారణం కంటే 3 డిగ్రీలు ఎక్కువ" అన్నప్పుడు ఆ "సాధారణం" ఇలాంటి సగటే.

| నెల | సగటు ఉష్ణోగ్రత (°C) | వర్షపాతం (మి.మీ.) |
|---|---|---|
| జనవరి | 18 | 10 |
| ఫిబ్రవరి | 20 | 10 |
| మార్చి | 24 | 15 |
| ఏప్రిల్ | 28 | 20 |
| మే | 30 | 40 |
| జూన్ | 29 | 120 |
| జులై | 27 | 150 |
| ఆగస్టు | 27 | 160 |
| సెప్టెంబరు | 27 | 130 |
| అక్టోబరు | 25 | 70 |
| నవంబరు | 21 | 15 |
| డిసెంబరు | 18 | 10 |

దీన్ని గ్రాఫ్‌గా మీరే గీసి నకళ్లు ఇవ్వండి: ఎడమ అక్షం, ఉష్ణోగ్రత గీత ఎరుపులో, కుడి అక్షం, వర్షం కమ్మీలు నీలంలో. నకలు నలుపు తెలుపుల్లోనే తీయగలిగితే, పిల్లల చేత అక్షాలకు రంగు వేయించడం మొదటి పనిగా పెట్టండి. రెండు అక్షాల గ్రాఫ్‌లో సర్వసాధారణంగా జరిగే తప్పు కమ్మీని ఎడమ అక్షం మీద చదవడం. ఎడమ అక్షం 0–40, కుడి అక్షం 0–200 అయితే, జులై కమ్మీ ఎడమవైపు 30 దగ్గరికి వస్తుంది. "జులైలో 30 మి.మీ." అని ఎవరైనా అంటే తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలిసిపోతుంది. తెల్ల కాగితం ముక్కలు ఇందుకే: వర్షం చదివేటప్పుడు ఎడమ అక్షాన్ని కప్పమనండి, ఉష్ణోగ్రతకు కుడి అక్షాన్ని.

గీత కమ్మీని ఎక్కడ దాటిందో చూసి "అక్కడ వర్షం ఉష్ణోగ్రత కంటే ఎక్కువైంది" అనేవారూ ఉంటారు. డిగ్రీలనూ మిల్లీమీటర్లనూ పోల్చడానికి లేదు, స్కేలు మారిస్తే ఆ దాటే చోటు మారిపోతుంది. 10 డిగ్రీలకు 20 మి.మీ. చొప్పున రెండు అక్షాలనూ ముడిపెట్టి గీసే ఒక పద్ధతి ఉంది. దానిలో మాత్రం వర్షం గీత ఉష్ణోగ్రత గీత కిందికి వస్తే ఆ నెల పొడినెల అని గుర్తు. ఎనిమిదో తరగతికి ఆ సంగతి అక్కరలేదు, అడిగే పిల్ల ఉంటే చెప్పండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: నిన్నటి వారం ఏ నెలదై ఉండవచ్చు? వారం గరిష్ఠాల సగటు 30, కనిష్ఠాల సగటు 23, రెండింటి నడుమ 26.5. పన్నెండు నెలలకూ "కాదని గట్టిగా చెప్పవచ్చు", "కావచ్చు", "బాగా అవకాశం ఉంది" అనే మూడు గుర్తుల్లో ఒకటి పెట్టమనండి.

జనవరిని అందరూ తేలిగ్గా కొట్టేస్తారు: 18కీ 26.5కీ చాలా దూరం, నెల మొత్తం మీద వర్షం 10 మి.మీ. జులై, ఆగస్టు, సెప్టెంబరులకు బాగా అవకాశం ఉంది. తగవు వచ్చేది అక్టోబరు దగ్గర. "నెలంతా కలిపి 70 మి.మీ.యే కదా, ఒక్క వారంలో 85 ఎలా పడుతుంది? కాబట్టి అక్టోబరు కాదు" అని చురుకైన పిల్లలే ముందు అంటారు. వినడానికి చక్కగా ఉంది గానీ ఆ తర్కం నిలవదు. 70 అనేది సగటు, ఆ నెలలో పడగలిగిన గరిష్ఠ వర్షం కాదు. కొన్నేళ్లు 20, కొన్నేళ్లు 150 పడినా సగటు 70 రావచ్చు. నిన్నటి "సగటు 30, కానీ 30 ఉన్న రోజే లేదు" అన్న విషయాన్ని ఇక్కడ గుర్తుచేయండి. అక్టోబరుకు "కావచ్చు" అన్నదే సరైన జవాబు. ఈ తగవు రాకపోతే మీరే ఎత్తండి, పాఠం మొత్తంలో వాతావరణానికీ శీతోష్ణస్థితికీ తేడా బాగా తేటపడేది ఇక్కడే.

దీన్ని ముగించే ముందు మే నెల వైపు చూపించండి. అన్నిటికంటే వేడి నెల మే, అన్నిటికంటే వానల నెల ఆగస్టు. జూన్ నుంచి వర్షం పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత 30 నుంచి 27కి దిగింది. నిన్న మూడు రోజుల్లో చూసిన తీరే ఏడాది గ్రాఫ్‌లోనూ కనిపిస్తోంది.

రెండో పీరియడ్: పదేళ్ల చుక్కలు (15 నిమిషాలు)

ఆ వారం జులై రెండో వారమని ఇప్పుడు చెప్పండి. ఆ వారానికి గరిష్ఠాల దీర్ఘకాల సగటు 31 అని, ఈసారి 30 అని బోర్డు మీద రాయండి. ఒక డిగ్రీ తక్కువ. మరి ఇది మామూలు వారమేనా? ఈ రెండు అంకెలతో జవాబు చెప్పలేం. ఆ వారం ఏటా ఎంత అటూ ఇటూ అవుతుందో తెలియాలి.

గత పదేళ్లలో అదే వారపు గరిష్ఠాల సగటులు ఇవి: 29, 32, 31, 30, 33, 31, 30, 32, 30, 32. బోర్డు మీద 25 నుంచి 35 వరకు అంకెల గీత గీసి, పదిమందిని పిలిచి ఒక్కొక్కరి చేత ఒక్కో చుక్క పెట్టించండి. ఒకే అంకె మళ్లీ వస్తే చుక్క మీద చుక్క. చివరికి 29 మీద ఒకటి, 30 మీద మూడు, 31 మీద రెండు, 32 మీద మూడు, 33 మీద ఒకటి నిలుస్తాయి. ఈ ఏటి 30ని వేరే రంగుతో పెట్టండి, అది గుంపు మధ్యలోనే పడుతుంది. పదేళ్లలో నాలుగేళ్లు ఆ వారం 30 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంది. కాబట్టి ఇది మామూలు వారమే.

వెంటనే మరో ప్రశ్న: ఈసారి సగటు 26 వచ్చి ఉంటే? చుక్క గుంపుకు దూరంగా పడుతుంది, అది వింత వారమే. అయితే శీతోష్ణస్థితి మారినట్టా? కాదు, అది ఒక్క చుక్క. గుంపు మొత్తం పక్కకు జరిగితేనే ఆ మాట అనడానికి ఆధారం. పాత పదేళ్ల చుక్కలు 28 నుంచి 32 మధ్య, కొత్త పదేళ్లవి 29 నుంచి 33 మధ్య ఉన్నాయనుకుందాం. ఇక్కడ ఏ ఒక్క ఏడూ వింతది కాదు, అయినా గుంపు జరిగింది. పదేళ్లు కూడా తక్కువే, అందుకే 30 ఏళ్లు తీసుకుంటారు. పాఠం మొదట వదిలేసిన రెండు నిర్వచనాలను ఇప్పుడు పిల్లల మాటల్లో రాయించండి. చుక్క, గుంపు అన్న మాటలు వాటిలో వచ్చినా దిద్దకండి.

చివరి పది నిమిషాలు: చీటీ, మార్కులు

ఒకే ప్రశ్న: "ఆ వారంలో 85 మి.మీ. పడింది. జులై నెల సగటు 150 మి.మీ. ఈ జులైలో సగటు కంటే ఎక్కువ వర్షం పడిందని చెప్పవచ్చా?" పుస్తకాలు మూయించి, మూడు నాలుగు వాక్యాల్లో రాయించండి.

మార్కులు మూడు. పట్టిక అంకెను ప్రమాణంతో సహా వాడితే ఒకటి, సరిగా పోల్చితే ఒకటి, ఈ లెక్కలతో ఏం చెప్పలేమో రాస్తే ఒకటి. పూర్తి మార్కులకు తగిన జవాబు ఇలా ఉంటుంది: "నెల సగటులో సగానికి పైగా ఒక్క వారంలోనే పడింది. అందులోనూ 79 మి.మీ. రెండు రోజుల్లోనే. మిగతా రోజుల లెక్క మన దగ్గర లేదు కాబట్టి నెల మొత్తం సగటును దాటిందో లేదో చెప్పలేం." ఎక్కువగా వచ్చే తప్పు జవాబు 85ను నాలుగుతో గుణించి 340 అని రాయడం. అలా రాసినవారు ఒక వారాన్ని నెలంతటికీ నమూనాగా తీసుకుంటున్నారు. తరగతిలో మూడోవంతుకు మించి ఇదే రాస్తే, అసలు లెక్కల్లోకి వెళ్లేముందు వారం పట్టికకే తిరిగి వెళ్లండి. 4, 5 రోజులను చేత్తో మూసి మిగతా అయిదు రోజుల వర్షం కూడమనండి: 6 మి.మీ. ఆ అయిదు రోజులనే చూసి నెలను అంచనా వేసి ఉంటే ఎంత వచ్చేదో వాళ్లనే చెప్పమనండి.

అసలు లెక్కలు ఇచ్చేటప్పుడు

మూడో రోజు వాతావరణ శాఖ లెక్కలు తెచ్చే ముందు మూడు విషయాలు చూసుకోండి. ఖాళీ గడి అంటే కొలవలేదని, 0 అంటే కొలిచారు గానీ వర్షం లేదని అర్థం. ఖాళీని సున్నాగా తీసుకుని సగటు కడితే వర్షం తగ్గిపోతుంది. కైరో లాంటి చోట్ల ఏడాది వర్షమే చాలా తక్కువ కాబట్టి కమ్మీలు కనిపించకపోవడం లెక్క లేకపోవడం కాదని కూడా చెప్పండి.

వర్షాన్ని చాలాచోట్ల ఉదయం కొలిచి, అంతకుముందు 24 గంటల మొత్తాన్ని ఆ తేదీ కింద రాస్తారు. భారత వాతావరణ శాఖ కొలిచే వేళ ఉదయం 8:30. అంటే 3వ తేదీ సాయంత్రం పడిన వాన 4వ తేదీ గడిలో కనిపిస్తుంది. ఉష్ణోగ్రత పడిన రోజుకూ వర్షం ఉన్న రోజుకూ ఒక రోజు తేడా కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి.

"వర్షపు రోజు"కు హద్దు కూడా అంతటా ఒకటి కాదు. ప్రపంచ వాతావరణ సంస్థ సగటుల లెక్కలో 1 మి.మీ., భారత వాతావరణ శాఖ లెక్కలో 2.5 మి.మీ. మన పట్టికలో మొదటి లెక్క ప్రకారం నాలుగు వర్షపు రోజులు, రెండో దాని ప్రకారం మూడు. వేర్వేరు దేశాల పట్టికలు పక్కపక్కన పెట్టే ముందు ఆ హద్దు ఎంతో పట్టిక కింద ఇచ్చిన వివరణలో చదివించండి.